మైల్డ్ స్టీల్ రాడ్ టెన్సైల్ టెస్ట్: స్ట్రెస్–స్ట్రెయిన్ కర్వ్ వివరణ

మెటీరియల్ టెస్టింగ్ ల్యాబ్, మెకానికల్ డిప్లొమా, విజయనగరం

నమూనా

విజయనగరం బజారులో ఇనుప సామాన్ల దుకాణంలో కొన్న 16 మి.మీ. నల్ల రాడ్‌ను లేత్ మీద తిప్పి, మధ్యభాగాన్ని 60 మి.మీ. పొడవునా సుమారు 10 మి.మీ. వ్యాసానికి తెచ్చాం. స్క్రూగేజ్‌తో మూడు చోట్ల కొలిస్తే 10.00, 10.02, 10.04 మి.మీ. వచ్చాయి. సగటు 10.02 మి.మీ., కోతవైశాల్యం 78.85 చ.మి.మీ. గేజ్ పొడవు 50 మి.మీ. తీసుకున్నాం. A₀ అంటే తొలి కోతవైశాల్యం; 5.65√A₀ లెక్క ప్రకారం 50.2 వస్తుంది కాబట్టి ఇది సరిపోతుంది. ఆ 50 మి.మీ.ను 5 మి.మీ.కి ఒకటి చొప్పున గీతలతో పది భాగాలు చేశాం. ఈ గీతల వల్ల ఎంత ఉపయోగమో చివరి భాగంలో తెలుస్తుంది.

రాడ్‌తో మిల్ సర్టిఫికెట్ రాలేదు. అందుకే ఇది ఫలానా గ్రేడ్ అని ముందే అనుకోలేదు.

పరీక్ష

400 కిలోన్యూటన్ల హైడ్రాలిక్ యూనివర్సల్ టెస్టింగ్ మిషన్ మీద, IS 1608 పద్ధతి ప్రకారం లాగాం. గది ఉష్ణోగ్రత 31 డిగ్రీల సెల్సియస్. స్టాండర్డ్ 10 నుంచి 35 వరకు ఒప్పుకుంటుంది. యీల్డ్ వరకు స్ట్రెస్ పెరిగే వేగం సెకనుకు సుమారు 8 మెగాపాస్కల్‌లు. 0.001 మి.మీ. లీస్ట్ కౌంట్ ఉన్న ఎక్స్‌టెన్సోమీటర్‌ను గేజ్ పొడవు మీద బిగించి, స్ట్రెయిన్ 0.02 చేరాక తీసేశాం. ఆ తర్వాతి సాగుదలకు, గ్రిప్పును మోస్తూ కదిలే మిషన్ అడ్డదూలమైన క్రాస్‌హెడ్ కదలికే ఆధారం.

కర్వ్ ఎక్కడ నమ్మదగింది, ఎక్కడ కాదు

మిషన్‌కు ఉన్న కంప్యూటర్ టెస్ట్ అవగానే ఒక గ్రాఫ్ ప్రింట్ ఇస్తుంది. చూడటానికి అది పాఠ్యపుస్తకంలోని బొమ్మలాగే ఉంటుంది. కానీ దాని మొదటి భాగంలో ఉన్న వాలు ఉక్కుది కాదు. లోడ్ 5 నుంచి 17 కిలోన్యూటన్లకు పెరిగినప్పుడు క్రాస్‌హెడ్ 0.27 మి.మీ. కదిలింది. అదే సమయంలో ఎక్స్‌టెన్సోమీటర్ చూపిన సాగుదల 0.037 మి.మీ. మాత్రమే. మిగతా కదలికలో గ్రిప్పుల పళ్ళు రాడ్‌లోకి దిగడం, వెడ్జ్‌లు సర్దుకోవడం, మిషన్ స్తంభాలు సాగడం ఉన్నాయి. ప్రింటులోని వాలు నుంచి మాడ్యులస్ లెక్కిస్తే 28 గీగాపాస్కల్‌లు వస్తుంది. ఉక్కుకు రావాల్సింది 200 దగ్గర. కాబట్టి మాడ్యులస్, యీల్డ్ స్ట్రెయిన్ రెండూ ఎక్స్‌టెన్సోమీటర్ రీడింగుల నుంచే తీశాం. లోడ్ మాత్రం లోడ్‌సెల్ నుంచి నేరుగా వస్తుంది గనుక స్ట్రెస్ విలువలకు ఈ ఇబ్బంది లేదు.

| లోడ్, కిలోన్యూటన్ | స్ట్రెస్, మెగాపాస్కల్ | సాగుదల, మి.మీ. |
|---|---|---|
| 5 | 63.4 | 0.017 |
| 8 | 101.5 | 0.026 |
| 11 | 139.5 | 0.036 |
| 14 | 177.6 | 0.045 |
| 17 | 215.6 | 0.054 |
| 20 | 253.6 | 0.064 |
| 23 | 291.7 | 0.074 |

సరళరేఖ భాగం, యంగ్స్ మాడ్యులస్

5 నుంచి 17 కిలోన్యూటన్ల వరకు ఉన్న ఐదు బిందువులకు లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో గీత గీస్తే వాలు మి.మీ.కు 322.5 కిలోన్యూటన్లు.

E = (322500 × 50) / 78.85 = 204500 N/mm²

అంటే సుమారు 205 గీగాపాస్కల్‌లు. రీడింగులో ఒక్క లీస్ట్ కౌంట్ అటూ ఇటూ అయితే 0.037 మి.మీ. మీద 2.7 శాతం తేడా పడుతుంది, అది దాదాపు 6 గీగాపాస్కల్‌లు. అందువల్ల దశాంశం తర్వాతి అంకెలు రాయడంలో అర్థం లేదు. గీతను కిందికి పొడిగిస్తే సున్నా లోడ్ దగ్గర 0.0015 మి.మీ. వద్ద అక్షాన్ని తాకింది. నమూనా నిటారుగా సర్దుకునే దశలో వచ్చిన ఈ చిన్న జరుగుబాటును స్ట్రెయిన్ లెక్కలోంచి తీసేశాం. 5 కిలోన్యూటన్ల లోపు రీడింగులను గీతలో కలపకపోవడానికీ కారణం అదే.

20 కిలోన్యూటన్ల బిందువు కూడా గీత మీదే ఉంది. 23 దగ్గర సాగుదల గీత చెప్పినదానికన్నా 0.001 మి.మీ. ఎక్కువ. కాబట్టి కర్వ్ సరళరేఖను వదిలే చోటు, అంటే ప్రపోర్షనల్ లిమిట్, 254, 292 మెగాపాస్కల్‌ల మధ్య ఎక్కడో ఉంది. ఈ పరికరంతో ఇంతకన్నా దగ్గరగా చెప్పలేం.

యీల్డ్ పాయింట్

లోడ్ 24.6 కిలోన్యూటన్లకు చేరగానే ఒక్కసారిగా పడిపోయింది. మిషన్ ఆయిల్ వాల్వ్‌ను ముట్టుకోలేదు, లాగడం ఆగలేదు. అయినా లోడ్ 23.1 దగ్గరికి దిగి, స్వల్పంగా పైకీ కిందికీ ఊగుతూ నిలిచింది. మొదటిది అప్పర్ యీల్డ్ పాయింట్, 312 మెగాపాస్కల్‌లు. రెండోది లోయర్ యీల్డ్ పాయింట్, 293 మెగాపాస్కల్‌లు. అప్పర్ యీల్డ్ దగ్గర స్ట్రెయిన్ 0.0015 మాత్రమే. అక్కడి నుంచి 0.0185 వరకు కర్వ్ దాదాపు అడ్డంగా సాగింది. అంటే యీల్డ్ అయ్యేలోపు జరిగిన సాగుదలకు పదకొండు రెట్లు, లోడ్ పెరగకుండానే సాగింది.

దీనికి కారణం ఉక్కులోని కొద్దిపాటి కార్బన్, నైట్రోజన్. ఈ చిన్న పరమాణువులు స్ఫటికంలోని వరుస లోపాలైన డిస్‌లొకేషన్‌ల చుట్టూ చేరి వాటిని కదలనీయకుండా పట్టి ఉంచుతాయి. ఆ పట్టు విడిపించడానికి ఎక్కువ స్ట్రెస్ కావాలి. విడిపోయాక, కదలడానికి తక్కువ చాలు. అయితే ఇది రాడ్ పొడవునా ఒకేసారి జరగదు. ముందు ఒకచోట మొదలై, పట్టీలా పక్కకు పాకుతుంది. నునుపు చేసిన మన నమూనా మీద ఏటవాలుగా మసకబారిన చారలు పై గ్రిప్పు దగ్గర పుట్టి కిందికి దిగడం కంటికే కనిపించింది. వీటిని లూడర్స్ బ్యాండ్‌లు అంటారు. చారలు గేజ్ పొడవంతా నిండాకే లోడ్ మళ్ళీ పెరగడం మొదలైంది.

రెండింటిలో ఏది రాయాలన్నది ప్రశ్న. అప్పర్ యీల్డ్ విలువ లాగే వేగం మీద, నమూనా అక్షం ఎంత సూటిగా ఉందన్నదాని మీద ఆధారపడి మారుతుంది. కొంచెం ఒరిగి బిగిస్తే ఆ శిఖరం అసలు కనిపించకపోవచ్చు. లోయర్ యీల్డ్ అంతగా మారదు. రెండూ రికార్డు చేశాం, డిజైన్ లెక్కల్లో వాడాల్సి వస్తే 293 తీసుకోవడం భద్రం. శిఖరం ఇంత స్పష్టంగా ఉన్నందున 0.2 శాతం ప్రూఫ్ స్ట్రెస్ గీత గీయలేదు. అది అల్యూమినియం లాంటి, యీల్డ్ మలుపు కనిపించని లోహాలకు అవసరం. యీల్డ్ అయ్యేలోపు లోహం దాచుకోగల శక్తిని చెప్పే రెజిలియెన్స్ మాడ్యులస్, ఈ 293తో లెక్కిస్తే, ఘనమీటరుకు 0.21 మెగాజౌల్‌లు.

స్ట్రెయిన్ హార్డెనింగ్, గరిష్ఠ లోడ్

ఇక్కడి నుంచి క్రాస్‌హెడ్ రీడింగే గతి. మిషన్ సాగుదల కిలోన్యూటన్‌కు 0.019 మి.మీ. చొప్పున తీసేసి, మిగిలినదాన్ని 60 మి.మీ. సమాన వ్యాస భాగంతో భాగించాం. స్ట్రెయిన్ పెద్దదయ్యేకొద్దీ ఈ సవరణ ప్రభావం తగ్గుతుంది కాబట్టి, మొదటి భాగంలో పనికిరాని కొలత ఇక్కడ సరిపోతుంది.

కర్వ్ పైకి లేస్తూ, రానురాను చదునై, 35.6 కిలోన్యూటన్ల దగ్గర శిఖరం చేరింది. అల్టిమేట్ టెన్సైల్ స్ట్రెంగ్త్ 451 మెగాపాస్కల్‌లు, అక్కడి స్ట్రెయిన్ దాదాపు 0.18. ఈ 0.18ని 5 మి.మీ. గీతలు వేరే దారిలో ధృవీకరించాయి. తెగాక పది భాగాలను వరుసగా కొలిస్తే:

5.9, 6.0, 6.0, 6.2, 7.0, 9.9, 6.8, 6.1, 5.9, 5.8 మి.మీ.

రెండు కొసల్లోని ఐదు భాగాల సగటు 5.92, అంటే 18.4 శాతం సాగుదల. రాడ్ సన్నబడి మెడ పడ్డ చోటికి దూరంగా ఉన్న ఈ భాగాలు గరిష్ఠ లోడ్ వరకే సాగి ఆగిపోయాయి. ఆ తర్వాత సాగిందంతా ఆరో భాగం, దాని పక్కనున్నవే.

మెడ పడటం, తెగడం

శిఖరం దాటాక లోడ్ తగ్గుతున్నది ఉక్కు బలహీనపడటం వల్ల కాదు. ఒకచోట రాడ్ సన్నబడి, లోడ్ మోసే వైశాల్యం వేగంగా తగ్గిపోతోంది. గట్టిపడటం వల్ల పెరిగే బలం ఆ తగ్గుదలకు సరితూగలేకపోతోంది. 27.2 కిలోన్యూటన్ల దగ్గర పెద్ద శబ్దంతో తెగింది. తొలి వైశాల్యం మీద ఇది 345 మెగాపాస్కల్‌లు. కానీ మెడ వ్యాసం 6.08 మి.మీ., వైశాల్యం 29.03 చ.మి.మీ. నిజంగా అక్కడ లోహం మోసిన సగటు స్ట్రెస్ 937 మెగాపాస్కల్‌లు. ఇంజినీరింగ్ కర్వ్ కిందికి దిగుతుంటే ట్రూ స్ట్రెస్ తెగేదాకా ఎక్కుతూనే ఉంది. మెడ ఆకారం వల్ల లోపల మూడు దిశల్లోనూ స్ట్రెస్ పుడుతుంది కాబట్టి ఈ 937 కూడా సవరణ లేని విలువే.

రెండు ముక్కలను దగ్గరగా చేర్చి కొలిస్తే గేజ్ పొడవు 65.6 మి.మీ., ఎలాంగేషన్ 31.2 శాతం. వైశాల్యంలో తగ్గుదల 63.2 శాతం. తెగిన చోటు గేజ్ మధ్యభాగంలోనే ఉంది కాబట్టి ఎలాంగేషన్ విలువ చెల్లుతుంది.

ఒక ముక్క గిన్నెలా, మరొకటి దానిలో ఇమిడే కోన్‌లా ఉంది. నడుమ మసక బూడిద రంగులో, గరుకుగా, పీచుపీచుగా కనిపించింది. అంచు చుట్టూ 45 డిగ్రీల వాలులో నునుపైన పెదవి ఉంది. పగులు రాడ్ ఉపరితలం నుంచి మొదలవలేదు. ఉక్కులో ఉండే మాంగనీస్ సల్ఫైడ్ వంటి చిన్న మలినాల దగ్గర లోపల ఖాళీలు ఏర్పడి, పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి నడుమ పగులు అయ్యాయి. చివరికి మిగిలిన అంచు షియర్‌లో జారింది. మన జిల్లాలో గరివిడి, గర్భాం వైపు తవ్వే మాంగనీసును ఉక్కులో కలిపేది ఒక రకంగా గంధకాన్ని ఇలా కట్టిపడేయడానికే. ఐరన్ సల్ఫైడ్‌గా మిగిలితే వేడి మీద రోలింగ్ చేసేటప్పుడే కడ్డీ పగులుతుంది. నడుమ మెరిసే గింజలు గానీ అడ్డంగా చదునైన పగులు గానీ ఎక్కడా లేవు. ఇది పూర్తిగా డక్టైల్ ఫ్రాక్చర్.

IS 2062తో పోల్చితే

నిర్మాణ ఉక్కుకు ఉన్న భారతీయ స్టాండర్డ్ IS 2062లోని E250 గ్రేడ్‌కు ఈ సైజులో కనీసం 250 మెగాపాస్కల్‌ల యీల్డ్, 410 టెన్సైల్ స్ట్రెంగ్త్, 23 శాతం ఎలాంగేషన్ ఉండాలి. మన విలువలు మూడింటినీ దాటాయి. అయినా రిపోర్టులో గ్రేడ్ పేరు రాయలేదు. ఆ స్టాండర్డ్ కార్బన్, గంధకం, భాస్వరాలకూ పరిమితులు పెడుతుంది, మేము రసాయన పరీక్ష చేయలేదు. పైగా ఇది ఒకే రాడ్ నుంచి తీసిన ఒకే నమూనా. తెగిన ముక్కలు రెండూ నమూనా నంబరుతో ల్యాబ్‌లోనే ఉంచాం. 16 మి.మీ. కొసల్లో ఒకదాన్ని కోసి ఇస్తే స్పెక్ట్రోమీటర్ పరీక్షకు సరిపోతుంది.