ఆప్టిమైజేషన్ పునశ్చరణ ప్రణాళిక: నవంబరు 17 నుంచి 30 వరకు

పర్లాకిమిడి నుంచి గుణుపూర్ కళాశాలకు రోజూ రైలులో వెళ్లివచ్చే చివరి సంవత్సరం మెకానికల్ విద్యార్థికి ట్యూషన్ మాస్టారు రాసి ఇచ్చినది. పరీక్ష డిసెంబరు 1, సోమవారం.

సిలబస్‌లో అధ్యాయాలు విడివిడిగా కనిపించినా, డ్యువల్ చలరాశి, రవాణా సమస్యలోని u, v విలువలు, లగ్రాంజ్ గుణకం, కేకేటీ షరతుల్లోని λ అన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు: పరిమితిని కొద్దిగా సడలిస్తే ఉత్తమ విలువ ఎంత మారుతుంది? ఈ ప్రణాళికలో ఎక్కువ సమయం ఆ ప్రశ్నకే కేటాయించాను. మిగిలిన అంశాలకు అవసరమైనంతే ఇచ్చాను.

17, 18 తేదీలు సింప్లెక్స్‌కు. గ్రాఫు పద్ధతి నీకు వచ్చు కనుక ఒక్క లెక్కతో సరిపెట్టు. బిగ్-ఎం, రెండు దశల పద్ధతి ఒక్కొక్కటి చొప్పున పూర్తిగా చేయి. పట్టికలో నీ తప్పులన్నీ పివట్ అడ్డువరుసను భాగించేటప్పుడే జరుగుతున్నాయి కనుక భిన్నాలను దశాంశాలుగా మార్చకు.

19, 20, 21 తేదీలు డ్యువాలిటీకి. మూడు రోజులు ఎక్కువని నీకు అనిపించవచ్చు, నాకు అనిపించలేదు. ఈ లెక్కతో మొదలుపెట్టు:

Max Z = 4x + 3y
2x + y ≤ 10, x + y ≤ 6, x, y ≥ 0

జవాబు x = 4, y = 2, Z = 22. దీని డ్యువల్‌ను నువ్వే రాసి సాధిస్తే u = 1, v = 2 వస్తాయి, 10u + 6v కూడా 22 అవుతుంది. ఇప్పుడు 10 స్థానంలో 11 పెట్టి మొదటి లెక్కను మళ్లీ చేస్తే Z 23 అవుతుంది. 10ని అలాగే ఉంచి 6ను 7 చేస్తే 24 అవుతుంది. ఆ పెరుగుదలలే u, v. షాడో ప్రైస్ నిర్వచనాన్ని కంఠస్థం చేయడం కంటే ఈ మూడు లెక్కలను చేతితో చేయడం మేలు. స్లాక్ మిగిలిన పరిమితికి డ్యువల్ విలువ సున్నా ఎందుకవుతుందో 21వ తేదీ రాత్రి నాలుగు వాక్యాల్లో ఇంగ్లీషులో రాసి నాకు చూపించు. పరీక్షలో రాయవలసినది ఆ భాషలోనే.

22, 23 శని, ఆదివారాలు. రవాణా సమస్యకు ప్రారంభ పరిష్కారం వోగెల్ పద్ధతిలోనే కట్టు, తర్వాత మోడి పద్ధతిలో పరీక్షించు. నింపిన గడుల సంఖ్య m + n − 1 కంటే తగ్గిందేమో ముందుగా లెక్కపెట్టాలి. నింపిన గడుల్లో u + v ఖర్చుకు సమానం కావాలనీ, ఖాళీ గడుల్లో దానిని మించకూడదనీ గమనిస్తే, ముందు మూడు రోజులూ చేసిన పనే ఇక్కడ కొనసాగుతోందని తెలుస్తుంది. అసైన్‌మెంట్ సమస్యకు హంగేరియన్ పద్ధతి ఒక పూట చాలు.

24, 25 తేదీల్లో పరిమితులు లేని సమస్యలు. గోల్డెన్ సెక్షన్‌లో ప్రతిసారీ అంతరం 0.618 వంతవుతుంది, ఏడుసార్లకు 3.5 శాతం లోపుకు వస్తుంది. స్టీపెస్ట్ డిసెంట్‌లో అడుగు పొడవును కచ్చితంగా కనుక్కుంటే వరుస గ్రేడియెంట్లు లంబంగా ఉండాలి, వాటి డాట్ లబ్ధం సున్నా కాకపోతే లెక్క తప్పినట్టే. న్యూటన్ పద్ధతి, హెస్సియన్ పరీక్ష రైలులో చదువుకోవచ్చు.

26, 27, 28 తేదీలు లగ్రాంజ్, కేకేటీ. 27న మార్గశిర లక్ష్మివారం కనుక ఇంట్లో పూజతో ఉదయం గడిచిపోతుంది, ఆ రోజు సాయంత్రం మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను. (x − 3)² + (y − 2)² ను x + y ≤ 4 కింద కనిష్ఠం చేయి. (2.5, 1.5) వద్ద λ = 1 వస్తుంది. కుడివైపు 4 బదులు 6 ఉంటే (3, 2) లోపలే పడుతుంది, λ సున్నా అవుతుంది. 21న రాసిన నాలుగు వాక్యాలను అప్పుడు పక్కన పెట్టుకుని చదువు. నాలుగు షరతులనూ పేర్లతో సహా రాయడం అలవాటు చేసుకో, వాటిలో λ ≥ 0 ను నువ్వు తరచుగా వదిలేస్తున్నావు.

డైనమిక్ ప్రోగ్రామింగ్‌లో ఒక స్టేజ్-కోచ్ తరహా లెక్క, జెనెటిక్ ఆల్గరిథమ్‌లో ఎంపిక, క్రాసోవర్, మ్యుటేషన్‌ల మీద అర పేజీ జవాబు 29 ఉదయానికి చాలు. ఆ మధ్యాహ్నం పాత ప్రశ్నపత్రం ఒకటి మూడు గంటల్లో, ఫోను వేరే గదిలో పెట్టి రాయి. 30న దానిలో తప్పిన లెక్కలను మాత్రమే మళ్లీ చేయి, కొత్తది ఏదీ తెరవకు. సాయంత్రమే గుణుపూర్ వెళ్లి మీ పిన్నిగారింట్లో పడుకుంటే, సోమవారం రైలు ఆలస్యమైనా పరీక్షకు ఇబ్బంది ఉండదు. కాలిక్యులేటర్, స్కేలు, హాల్ టికెట్ సంచిలో పెట్టుకున్నావో లేదో బయలుదేరే ముందు చూసుకో.