కాంట్రాక్టు పేపరుకు పధ్నాలుగు రోజుల ఏర్పాటు

విజయనగరం,
ఆదివారం రాత్రి

చిరంజీవి రాంబాబుకు అప్ప దీవెనలు.

నీ మార్కుల జాబితా ఫొటోను పిన్ని పంపింది. ఐదు పేపర్లలో నాలుగు గట్టెక్కి, కాంట్రాక్టు చట్టం ఒక్కటీ 80కి 26 దగ్గర ఆగిపోయింది. పాసు కావడానికి 32 కావాలి, అంటే నీకు తక్కువైనవి ఆరు మార్కులు. బాబాయి అన్నట్టు చదువు నీకు అబ్బలేదని కాదు. అబ్బకపోతే మిగిలిన నాలుగు ఎలా వచ్చాయో ఆయనే చెప్పాలి. ఫోనులో నువ్వు చెప్పినదాన్ని బట్టి చూస్తే, సమస్యల భాగంలో అడిగినదానికి జవాబు రాయకుండా, ఆ అంశం మీద తెలిసినదంతా నాలుగేసి పేజీలు రాశావు. చివరి రెండు ప్రశ్నలకు సమయం చాలలేదు. ఆ పేపరు మళ్లీ రాసేలోపు నీకున్న పధ్నాలుగు రోజుల్లో ఈ రెండు తప్పులను దిద్దడానికే ఈ ఏర్పాటు రాస్తున్నాను. సిలబస్ మొత్తాన్ని మళ్లీ చదివించడానికి కాదు.

ముందుగా గంటల లెక్క చూద్దాం. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా నువ్వు జెరాక్సు షాపులో ఉంటావు. ఆమదాలవలస నుంచి రాకపోకలు అదనం. కాబట్టి తెల్లవారుజామున నాలుగూ ముప్పావు నుంచి ఏడుంపావు వరకు రెండున్నర గంటలు, రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఒక గంట, మొత్తం రోజుకు మూడున్నర గంటలు. సోమవారం నుంచి శనివారం వరకు ఇలాంటి రోజులు పన్నెండు, అంటే 42 గంటలు. మొదటి ఆదివారం ఆరు, రెండో ఆదివారం ఐదు కలిపితే 53. ఇందులో పాలకొండ పెళ్లికి గురువారం రాత్రి, శుక్రవారం ఉదయం పోతాయి, అది మూడున్నర. కరెంటు పోవడం, చుట్టాలు రావడం, నిద్ర ముంచుకురావడం వంటివాటికి మరో నాలుగైదు గంటలు తీసెయ్. మిగిలేది 45. రోజుకు పది గంటలు చదువుతానని గోడ మీద కాగితం అంటించుకున్నావట, దాన్ని తీసేయమని నా మనవి. అది మూడో రోజుకే నిన్ను దోషిని చేస్తుంది.

రేపు సోమవారం పుస్తకం తెరవకు. ఉదయం ఒక తెల్ల కాగితం తీసుకుని, ఆ రోజు హాలులో ఏ ప్రశ్నకు ఏం రాశావో గుర్తున్నంత మేరకు రెండేసి వాక్యాల్లో రాసుకో. పక్కన వ్యాఖ్యానం లేని చట్టం మూలపాఠం, అదే బేర్ యాక్టు, పెట్టుకుని ప్రతి జవాబులో ఏ సెక్షను నంబరు రాయలేదో ఎర్ర ఇంకుతో వేసుకో. తరువాత నీ దగ్గరున్న నాలుగు పాత ప్రశ్నపత్రాలను వరుసగా పరచి, ఏ అంశం ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టు. ఈ పని బాధగానే ఉంటుంది కానీ, మొదటి రోజు ఇది తప్పించుకున్నవారు రెండోసారి కూడా అదే జవాబు రాస్తారు. సివిల్ ప్రొసీజర్ పేపరు పోయినప్పుడు నేను చేసిన పని సరిగ్గా అదే, అందుకే మూడోసారి రాయాల్సి వచ్చింది. రాత్రి గంటలో సెక్షను 2లోని నిర్వచనాలు, సెక్షను 10 చూడకుండా రాసి దిద్దుకో.

మంగళవారం ప్రతిపాదన, అంగీకారం: సెక్షన్లు 3 నుంచి 9. ఈ ఒక్క రోజు గట్టిగా పని చెయ్యి, ఎందుకంటే సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుడతాయి. కేసుల్లో లాల్మన్ శుక్లా (1913), కార్లిల్ (1893), హార్వే వర్సెస్ ఫేసీ (1893), భగవాన్‌దాస్ కేడియా (1966) చాలు. కేసు కథను అరపేజీ రాయడం నీ అలవాటు. పరీక్షకునికి కథ తెలుసు. ఒక వాక్యంలో సంగతి, ఒక వాక్యంలో తీర్పు రాసి ముందుకు వెళ్లు.

సమస్యకు జవాబు ఎలా ఉండాలో ఒకటి రాసి చూపిస్తాను. పలాసలోని జీడిపప్పు వ్యాపారి తన దగ్గరున్న పది బస్తాలు అమ్ముతానని నరసన్నపేటలోని కొట్టు యజమానికి ఉత్తరం రాశాడు, శనివారంలోగా జవాబు ఇమ్మన్నాడు. గురువారం ఆ బస్తాలను వేరొకరికి అమ్మేశాడు, కానీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం కొట్టు యజమాని అంగీకరిస్తూ ఉత్తరం పోస్టు చేశాడు. కాంట్రాక్టు ఏర్పడిందా? దీనికి నువ్వు రాయవలసింది ఇంతే: "సెక్షను 5 ప్రకారం, ప్రతిపాదకుని విషయంలో అంగీకార సమాచారం పూర్తికాక ముందు ఎప్పుడైనా ప్రతిపాదనను ఉపసంహరించుకోవచ్చు. సెక్షను 4 ప్రకారం, అంగీకార ఉత్తరం అంగీకరించినవాని చేయి దాటి ప్రయాణంలో పడగానే అది ప్రతిపాదకుని విషయంలో పూర్తవుతుంది. ఉపసంహరణ మాత్రం అవతలివానికి తెలిసినప్పుడే అతని విషయంలో పూర్తవుతుంది. ఇక్కడ అమ్మకం సంగతి శుక్రవారానికి కొట్టు యజమానికి తెలియదు, కాబట్టి ఉపసంహరణ జరగలేదు, కాంట్రాక్టు ఏర్పడింది. వ్యాపారి సెక్షను 73 కింద నష్టపరిహారానికి బాధ్యుడు." సెక్షను, నియమం, ఈ సంగతులకు దాని అన్వయం, ఫలితం. అన్వయం అనే మూడో మెట్టును నువ్వు దాటేశావు. మార్కులు అక్కడే ఉన్నాయి. ఇక నుంచి రోజుకు రెండు సమస్యలు ఇదే వరుసలో, గడియారం పెట్టుకుని రాయి.

బుధవారం ప్రతిఫలం, సెక్షను 25లోని మినహాయింపులు, సెక్షన్లు 11, 12. ఇక్కడ చిన్నయ్య వర్సెస్ రామయ్య (1882) తప్పనిసరి. మద్రాసు హైకోర్టుకు మన తెలుగువాళ్ల కుటుంబం నుంచి వెళ్లిన కేసు కనుక మరిచిపోవడం కష్టం: తల్లి భూమిని కూతురికి రాసి, తన తోబుట్టువుకు ఏటా కొంత సొమ్ము ఇవ్వమంది, ప్రతిఫలం వాగ్దానం పొందిన వ్యక్తి నుంచే రానక్కరలేదని కోర్టు చెప్పింది. మైనరుకు మోహరీ బీబీ (1903). మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు, అంటే వాయిడ్; ఒక పక్షం కోరితేనే రద్దయ్యే వాయిడబుల్ కాదు. నువ్వు ఈ రెండు మాటలనూ కలిపేశావని నా అనుమానం.

గురువారం ఉదయం స్వేచ్ఛగా ఇచ్చే సమ్మతి, సెక్షన్లు 13 నుంచి 18. ఆత్మహత్య చేసుకుంటానన్న బెదిరింపు బలవంతమేనని తేల్చిన చిక్కం అమ్మిరాజు (1917), భర్త శవాన్ని కదలనివ్వక పదమూడేళ్ల వితంతువు చేత దత్తత చేయించిన రంగనాయకమ్మ (1889) — రెండూ మద్రాసు తీర్పులే. పెళ్లికి బయలుదేరేటప్పుడు పుస్తకం తీసుకువెళ్లకు. భోజనాల దగ్గర దాన్ని ఎవరూ తెరవరు, నువ్వూ తెరవవు, కానీ తెరవలేదన్న దిగులు మాత్రం మిగులుతుంది. శుక్రవారం ఉదయం నిద్రపో. రాత్రి గంటలో సెక్షన్లు 19, 19ఎ మాత్రం చూడు.

శనివారం పొరపాటు (20 నుంచి 22), చట్టవిరుద్ధమైన ఉద్దేశం (23, 24). ఆదివారం ఉదయం 25 నుంచి 30 వరకు మళ్లీ చూసి, మధ్యాహ్నం ఇప్పటిదాకా చదివిన భాగం నుంచి 40 మార్కుల ప్రశ్నలు గంటన్నరలో రాయి. 80 మార్కులకు మూడు గంటలంటే 180 నిమిషాలు. మార్కుకు రెండు నిమిషాల చొప్పున 160 పోగా, ప్రశ్నపత్రం చదవడానికీ, చివర సెక్షను నంబర్లు సరిచూసుకోవడానికీ 20 మిగులుతాయి. పది మార్కుల ప్రశ్నకు ఇరవై నిమిషాలు కాగానే, వాక్యం మధ్యలో ఉన్నా ఆపి, కొంత ఖాళీ వదిలి తరువాతి ప్రశ్నకు వెళ్లాలి. ఇది చేతికి రావాలంటే ఇంట్లోనే అలవాటు కావాలి. ఆ జవాబులు ఫొటో తీసి నాకు పంపు, సోమవారం కోర్టు నుంచి వచ్చాక దిద్ది పంపుతాను.

రెండో వారం సోమవారం కాంట్రాక్టు ముగింపు: సెక్షన్లు 37, 39, 55, 56, 62, 63. సెక్షను 56కు సత్యబ్రత ఘోష్ (1954) సరిపోతుంది. టేలర్ వర్సెస్ కాల్డ్‌వెల్ (1863) కూడా రాస్తే మంచిదే, కానీ ఇంగ్లీషు కేసు ఒక్కటే రాసి మన సుప్రీంకోర్టు తీర్పు వదిలేయకు. మంగళవారం 65, 68 నుంచి 72. ఇది చిన్న అధ్యాయం, ఉదయమే అయిపోతుంది, కాబట్టి రాత్రి గంటను పోయిన వారంలో మిగిలిపోయినదానికి ఉంచుకో. బుధవారం 73, 74, 75, హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ (1854), ఫతేచంద్ (1963). ఈ మూడు సెక్షన్లూ బాగా వస్తే ప్రతి సమస్య చివరా రాయడానికి ఒక వాక్యం దొరుకుతుంది.

గురు, శుక్రవారాలు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి. నువ్వు వాడిన పాత గైడులో 2018 సవరణ లేదు, అందుకని దానిని పక్కన పెట్టి కొత్త బేర్ యాక్టు కొను. నిర్దిష్ట అమలు, అంటే ఒప్పుకున్న పనినే చేయించడం, కోర్టు విచక్షణ అని పాత పుస్తకాలు చెప్పేవి. 2018 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ తరువాత, సెక్షన్లు 11(2), 14, 16లకు లోబడి, కోర్టు అమలు చేయించాలి. సెక్షను 20 కింద, మాట తప్పినవానికి కనీసం 30 రోజుల నోటీసు ఇచ్చి, ఆ పని వేరొకరి చేత చేయించుకుని ఖర్చు వసూలు చేసుకోవచ్చు. గురువారం 6, 10, 14, 16, 20. శుక్రవారం 31, 34, ఇంజంక్షన్లకు 36 నుంచి 41. మిగిలినవి వదిలేయమని నిస్సంకోచంగా చెబుతున్నాను. ఇందులో రిస్కు ఉంది, కానీ 45 గంటల్లో అన్నీ చదవబోతే ఏదీ నిలవదు.

శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు షాపు యజమానిని అడిగి సెలవు తీసుకో. పరీక్ష సమయం అదే కనుక, చూడని పాత పేపరు ఒకటి ఆ మూడు గంటల్లోనే పూర్తిగా రాయాలి. ఇంట్లో పిల్లల గోల ఉంటుంది కాబట్టి శ్రీకాకుళంలో మీ స్నేహితుని గదికి వెళ్లు. ఇంగ్లీషు గురించి బెంగ పెట్టుకోకు. గైడులోని బారెడు వాక్యాలను బట్టీపట్టి మధ్యలో మరిచిపోయే బదులు, ఎనిమిది పది మాటల చిన్న వాక్యాలు రాయి.

చివరి ఆదివారం కొత్తది ఏదీ వద్దు. ఉదయం మూడు గంటలు శనివారం నాటి పేపరు దిద్దుకో, మధ్యాహ్నం రెండు గంటలు సెక్షను నంబర్లు, కేసుల పేర్లు ఒక కాగితం మీద చూడకుండా రాయి. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకో. సోమవారం హాల్‌టికెట్, గుర్తింపు కార్డు, రెండు నీలం పెన్నులు సంచిలో పెట్టుకుని పన్నెండుకల్లా ఆమదాలవలసలో బయలుదేరు. బస్సు ఆలస్యమైతే ఆటో ఎక్కు, డబ్బుల గురించి ఆలోచించకు, నేను పిన్నికి పంపుతాను.

మొదటి రోజు రాసిన కాగితాన్ని రేపు రాత్రి పదిన్నరలోపు నాకు పంపు.

మీ అప్ప