నాన్నగారూ, మీరు పంపిన ఐదు ఫోటోలూ చదివాను

ఇప్పుడు రెండు గంటలు కావస్తోంది. రైలు ఆలస్యమై, చెన్నై ఎగ్మోరులో దిగి, ఆటో కోసం నిలబడి, అలసిపోయి ఉంటారు. అయినా ఇది చదివాకే పడుకోండి. ఇద్దరూ కలిసి చదవండి, అమ్మకు మీరు వినిపించండి. లాడ్జి గది తలుపు మీద అంటించిన కాగితాల్లో ఇంగ్లీషు, తమిళం తప్ప ఏమీ లేవని, అందుకే ఫోటోలు తీశానని రాశారు. మీరు అలా తీసి పంపినందుకు నాకు ఎంత ధైర్యంగా ఉందో చెప్పలేను.

మొదటి ఫోటోలోది నాలుగో అంతస్తు పటం. వెలుగు పడి ఒక మూల తెల్లబోయింది కానీ కావలసినంత కనిపిస్తోంది. ఎర్ర చుక్క పక్కన ఉన్న మాటలకు అర్థం ‘మీరు ఇక్కడ ఉన్నారు’. అది మీ గది, 412. ఆకుపచ్చ బాణాలు తప్పించుకునే దారిని చూపుతాయి. ఎర్రరంగులో ఉన్నవి మంటలు ఆర్పే సామాను గుర్తులు: సిలిండరు బొమ్మ, చుట్టిన గొట్టం బొమ్మ, అద్దం పగలగొట్టి గంట మోగించే డబ్బా బొమ్మ. లిఫ్టు బొమ్మ మీద అడ్డంగా గీత కొట్టారు.

ఇక్కడ ఒక్క సంగతి జాగ్రత్తగా చూడండి నాన్నగారూ. కాగితం మీద మీ గది వరండాకు పై వైపున ఉంది. తలుపుకు ఎదురుగా నిలబడి పటం చూస్తున్నప్పుడు మాత్రం వరండా మీ ముందు ఉంటుంది. అంటే పటం తలకిందులుగా అతికించినట్టే. కాగితం మీద కుడి చివర కనిపించే రెండో మెట్లదారి, మీరు గదిలోంచి బయటికి రాగానే ఎడమ చేతి వైపు ఉంటుంది. ఫోనును తలకిందులుగా పట్టుకుని చూడండి, మీరు నిలబడిన తీరుకు సరిపోతుంది. మీ ఐదో ఫోటోలో ఎడమ వైపు దూరంగా ఆకుపచ్చ దీపం, పరుగెత్తే మనిషి బొమ్మ కనిపిస్తున్నాయి కదా, దానితో సరిచూసుకునే చెబుతున్నాను. కంగారులో బయటికి వచ్చి కాగితాన్ని గుర్తు చేసుకుంటే కుడికి తిరిగే ప్రమాదం ఉంది.

కాబట్టి ఎడమకు. ఎడమ చేయి గోడకు ఆనించి నడిస్తే 414, 416, 418 తలుపులు తగులుతాయి. తర్వాత అంకె లేని తలుపు ఒకటి. అది దుప్పట్లు పెట్టే గది, దారి కాదు. ఐదోది మెట్ల తలుపు. ‘మూడు అంకెల తలుపులు, ఒక ఉత్త తలుపు, ఆ తర్వాత మెట్లు’ అని అమ్మ చేత రెండుసార్లు చెప్పించండి. పొగ కమ్మితే అంకెలు కనిపించవు, చేతికి తగిలే తలుపుల లెక్కే మిగులుతుంది.

కుడి వైపు లిఫ్టు పక్కన ఇంకో మెట్లదారి ఉంది. మీరు పైకి వచ్చింది అటే. దానికి ఐదు గదులు దాటాలి, పైగా పటంలో దాని ముందు తలుపు గీయలేదు. తలుపు లేని మెట్లదారి పొగగొట్టంలా పనిచేస్తుంది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉన్నచోట మంటలు లేస్తే, పొగ పై అంతస్తుల్లోని లాడ్జికి ఎక్కి 8 మంది పోయారు. మంటలు ఉన్నది కింద, వాళ్లు పడుకున్నది పైన. అందుకే ఎడమ దారినే మొదటిదిగా పెట్టుకోండి. అటు పొగ ఉంటేనే కుడికి.

రెండో ఫోటో అగ్నిప్రమాద సూచనలది. ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాస్తున్నాను:

‘మంట కనిపించినా, పొగ వాసన వచ్చినా దగ్గరలోని ఎర్ర డబ్బా అద్దం పగలగొట్టి గంట మోగించండి. గది ఫోనులో 9 నొక్కి రిసెప్షన్‌కు చెప్పండి. గంట వినిపిస్తే వెంటనే గది వదలండి. సామాను కోసం ఆగకండి. తలుపు మూసి రండి. లిఫ్టు వాడకండి. పొగలో చిక్కుకుంటే నేలకు దగ్గరగా వంగి నడవండి. ముందు గేటు పక్కన పార్కింగులో అందరూ చేరే చోటికి రండి. లెక్క పూర్తయ్యే వరకు అక్కడే ఉండండి. సిబ్బంది చెప్పనిదే లోపలికి వెళ్లకండి. గదిలోంచి బయటికి రాలేకపోతే తలుపు మూసి, తలుపు కింది సందులో తడి తువ్వాళ్లు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి చేయి ఊపండి. అగ్నిమాపక దళం: 101.’

అంతే ఉంది. మంచి సూచనలే, అయితే రెండు మాటలు నేను కలుపుతాను. గంట మోగినా తలుపు గబుక్కున తీయకండి. అరచేతి వెనక వైపుతో తలుపును, పిడిని తాకి చూడండి. వేడిగా ఉంటే తీయవద్దు. చల్లగా ఉంటే కొద్దిగా తెరిచి, పొగ లేకపోతేనే బయటికి రండి. రెండోది, గది కార్డు చేతిలో పట్టుకునే వెళ్లండి. మెట్ల దగ్గర పొగ కమ్మి ఉంటే వెనక్కి వచ్చి గదిలో తలుపు మూసుకోవాలి, కార్డు లేకపోతే అది కుదరదు. దీపాల కోసం ఆ కార్డును గోడ పెట్టెలో దూర్చి ఉంటారు కదా, లాగి జేబులో వేసుకోవడం మరచిపోకండి. 101 కలవకపోతే 112 చేయండి.

అమ్మ మోకాళ్ల గురించి నాకు దిగులుగా ఉంది. నాలుగు అంతస్తులు దిగాలి. అలాంటి అవసరం వస్తే అమ్మ కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగుతుంది, మీరు ఒక మెట్టు కింద ఉండి నడవండి. వెనక నుంచి వచ్చేవాళ్లకు దారి వదలండి. ఇప్పుడే 9 నొక్కి ‘412లో మోకాళ్ల నొప్పి ఉన్న ఆవిడ ఉన్నారు’ అని రాయించండి. మీకు భాష ఇబ్బందైతే ఫోను నాకు కలపండి, తమిళంలో నేను మాట్లాడతాను. రేపు మొదటి అంతస్తులో గది ఖాళీ అయితే మార్చమని కూడా అడుగుతాను.

మూడో ఫోటోలోవి లాడ్జి నియమాలు. ముఖ్యమైనవి చెబుతాను: అద్దె 24 గంటల లెక్క, మీరు వచ్చిన సమయం నుంచి. రిజిస్టరులో 1.10 అని రాశారన్నారు కాబట్టి రేపు అర్ధరాత్రి దాటాక 1.10 దాకా ఒక రోజు కిందే వస్తుంది. ఆసుపత్రి నుంచి సాయంత్రం వచ్చి నిదానంగా సర్దుకోవచ్చు. చూడటానికి వచ్చేవాళ్లు రాత్రి 9 తర్వాత గదికి రాకూడదు. నగలు, డబ్బు పోతే వాళ్లకు బాధ్యత లేదు. గదిలో ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ పొయ్యి, నీళ్లు కాచే రాడ్డు వాడకూడదు. కొవ్వొత్తులు, అగరుబత్తీలు, కర్పూరం వెలిగించకూడదు.

అమ్మా, ఈ చివరి మాట నీకే. కంటి ఆపరేషను ఉన్న రోజు దీపం పెట్టకుండా బయలుదేరడం నీకు మనసొప్పదని తెలుసు. సంచిలో కుంది, వత్తులు తెచ్చుకునే ఉంటావు. రేపు మాత్రం దండం పెట్టుకుని బయలుదేరు. పైకప్పుకు తెల్లటి గుండ్రని పరికరం ఉంటుంది, అది పొగను పసిగడుతుంది. దానికి గుడ్డ కట్టి దీపం పెట్టడం అసలు వద్దు. ఇంట్లో నేను దీపం పెడతాను, నీ పేరు చెప్పి.

నాలుగో ఫోటోలో పిడికి తగిలించే అట్ట ఉంది. ఎర్ర వైపు బయటికి ఉంటే ‘ఇబ్బంది పెట్టవద్దు’, ఆకుపచ్చ వైపు ఉంటే ‘గది శుభ్రం చేయండి’. ఎర్ర వైపు తిప్పి పడుకోండి, పొద్దున్నే ఎవరూ తట్టరు. దాని కింద అంటించిన కాగితం మీద ‘లోపల ఉన్నప్పుడు గొలుసు వేసుకోండి’ అని ఉంది. వేసుకోండి, కానీ చీకట్లో ఆ గొలుసు తీయడం ఒకసారి అభ్యాసం చేయండి. దీపం ఆపేసి, చేత్తో తడిమి తీయాలి. అమ్మ కూడా.

ఇక ఐదో ఫోటో, వరండాది. ఇదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. పెద్దది చేసి చూశాను. చివర మెట్ల తలుపు మీద ‘వెళియేఱుం వళి’ అని తమిళంలో ఉంది, అంటే బయటికి వెళ్లే దారి. పిడి దగ్గర ‘తళ్ళు’ అని ఉంది, అంటే తోయండి. లాగమని ఉంటే ‘ఇళు’ అని ఉండేది. ఆ తలుపుకు ఆనుకుని దుప్పట్ల బండి ఒకటి, పైన రెండు మడత పరుపులు కనిపిస్తున్నాయి. తోసే తలుపు కాబట్టి అది అవతలికి తెరుచుకుంటుంది, అయినా బండి జరపనిదే మనిషి పోలేడు. రాత్రి పనివాళ్లు తెలియక పెట్టి ఉంటారు. 2010 ఫిబ్రవరి 23న బెంగళూరు కార్ల్టన్ టవర్స్‌లో పొగలో చిక్కుకుని 9 మంది పోయినప్పుడు, బయటపడే తలుపులకు తాళాలు వేసి ఉన్నాయన్న మాటే అందరి నోటా వినిపించింది. దారి గీసిన కాగితం ఉంటే చాలదు, ఆ దారి తెరిచి ఉండాలి.

కాబట్టి ఈ రాత్రే చేయవలసింది ఇది. చెప్పులు వేసుకుని, కార్డు తీసుకుని, ఎడమకు తలుపులు లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. నేను చెప్పిన లెక్క కాగితం చూసి చెప్పింది, మీ లెక్క వేరుగా వస్తే మీదే ఖాయం చేసుకోండి. బండిని మీరు తోయకండి, నడుం పట్టుకుంటుంది. రిసెప్షన్‌కు చెప్పి మనిషిని పిలిపించండి. బండి తీశాక తలుపు తోసి చూడండి, అవతల మెట్లు, దీపం ఉన్నాయో లేదో చూడండి. లోపలికి అడుగు పెట్టేటప్పుడు తలుపు పట్టుకునే ఉండండి, కొన్ని తలుపులు మెట్ల వైపు నుంచి తెరుచుకోవు. తిరిగి మూసి రండి, ఆ తలుపు మూసి ఉంటేనే మెట్లలోకి పొగ రాదు. తాళం వేసి ఉందంటే మాత్రం ఏ సర్దుబాటుకూ ఒప్పుకోకండి. తాళం తీయించాలి, లేదా వేరే గది ఇవ్వాలి. డబ్బు గురించి ఆలోచించకండి, నేను పంపుతాను.

పడుకునేటప్పుడు మంచం పక్కన మీ కళ్లజోడు, ఫోను, చెప్పులు, అమ్మ చేతికర్ర ఒకే చోట పెట్టుకోండి. కార్డు గోడ పెట్టెలోనే ఉంటుంది కాబట్టి అది ఎక్కడుందో అమ్మకు చూపించండి. ఆసుపత్రి ఫైలు ఆటోలో మరచిపోలేదు కదా? పది గంటలకు రమ్మన్నారు, తొమ్మిదికి బయలుదేరితే చాలు.

తలుపు చూసి వచ్చాక ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి. బండి ఇంకా అక్కడే ఉంటే రెండు ఇవ్వండి, నేనే రిసెప్షన్‌కు ఫోను చేస్తాను. మేలుకునే ఉంటాను.

మీ లక్ష్మి