8-బి తల్లిదండ్రులకు: సోమవారం పరీక్ష లేదు, ఫీజు గడువు కూడా మారింది

అందరికీ నమస్కారం అండి. నిన్న సాయంత్రం గ్రూపులో పెట్టిన సర్క్యులర్ ఫొటో సరిగ్గా రాలేదు, తప్పు నాదే. స్టాఫ్ రూమ్‌లో ట్యూబ్‌లైట్ కింద హడావుడిగా తీశాను, కాగితం మడత సరిగ్గా తేదీల మీదే పడింది. రాత్రి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి కాబట్టి అసలు కాగితం ముందు పెట్టుకుని అందులో ఉన్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఫొటోని ఇక పట్టించుకోకండి, వేరే గ్రూపులకి కూడా పంపకండి.

ముందు పరీక్షల సంగతి. జనవరి 5 సోమవారం మొదలవ్వాల్సిన మూడో యూనిట్ టెస్ట్ పండగ తర్వాతకి వెళ్లింది. అక్టోబరు ఆఖర్లో మొంథా తుఫాను సెలవుల వల్ల పోయిన క్లాసులు ఇంకా సర్దుకోలేదు, ముఖ్యంగా లెక్కలు, ఫిజికల్ సైన్స్ వెనకబడ్డాయి. సిలబస్ మాత్రం పాతదే, కొత్తగా ఒక్క పాఠం కూడా కలపలేదు. సెలవులు 10 నుంచి 18 వరకు, 19 సోమవారం బడి తెరుస్తారు, 21 బుధవారం నుంచి పరీక్షలు.

21న తెలుగు, 22న హిందీ, 23న ఇంగ్లీషు, 24 శనివారం లెక్కలు. ఆ తర్వాత ఆదివారం, రిపబ్లిక్ డే వచ్చాయి కాబట్టి రెండు రోజులు ఖాళీ. మళ్లీ 27 మంగళవారం ఫిజికల్ సైన్స్, 28న బయాలజీ, 29న సోషల్. ఫొటోలో మడత కింద కనపడకుండా పోయింది 24వ తేదీ లెక్కల పరీక్షే. శనివారం సెలవనుకుని ఎవరైనా ఊరు ప్రయాణం పెట్టుకుని ఉంటే మార్చుకోండి. 23న వసంత పంచమి, ఇంట్లో చిన్నపిల్లలకి అక్షరాభ్యాసం పెట్టుకున్నవాళ్లు ఉంటారు, కానీ ఆ రోజు ఇంగ్లీషు పరీక్ష ఉంది కాబట్టి పెద్దవాళ్లని మాత్రం బడికి పంపాలి.

పరీక్ష రోజూ పది గంటలకి, గంటసేపు, 25 మార్కులకి. అయిపోగానే ఇంటికి పంపరు, మామూలు క్లాసులుంటాయి, క్యారేజీ పెట్టి పంపండి. పోయినసారి నలుగురు ఖాళీ చేతులతో వచ్చి నా డబ్బాలోదే పంచుకున్నారు, దానికి నాకు బాధ లేదు కానీ వాళ్లకి సరిపోలేదు.

ఇక ఫీజు. మూడో టర్మ్ ఫీజుకి డైరీలో ఉన్న గడువు జనవరి 12, ఆ రోజు ఆఫీసు మూసి ఉంటుంది. అందుకే 20 మంగళవారం సాయంత్రం నాలుగింటి వరకు పొడిగించారు. ఫొటోలో 26 అని చదివామన్నారు చాలామంది. 26 కాదండి, 20. 26న ఎలాగూ సెలవే కదా. 21 నుంచి రోజుకి పది రూపాయల ఫైన్ అని రాశారు. 19, 20 తేదీల్లో కౌంటరు దగ్గర లైను బాగా ఉంటుంది కాబట్టి, వీలున్నవాళ్లు 9వ తేదీ లోపే కట్టేస్తే హాయి. ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కడితే కింద పిల్లవాడి పేరు, తరగతి, సెక్షన్ రాయండి, లేకపోతే డబ్బు ఎవరిదో ఆఫీసులో తేలదు, మళ్లీ మిమ్మల్నే అడుగుతారు.

ఫీజు కట్టకపోతే పరీక్ష రాయనివ్వరంట అని ఒక ఆడియో తిరుగుతోంది. సర్క్యులర్‌లో ఆ మాట ఎక్కడా లేదు. అయినా పొద్దున వెళ్లి ఆఫీసులో అడిగాను, అలాంటిదేమీ లేదన్నారు. ఒకేసారి కట్టలేనివాళ్లు 9 లోపు ఒక కాగితం మీద రాసి ఇస్తే రెండు విడతలకి ఒప్పుకుంటారు, ఆ మాట సర్క్యులర్ చివర సన్నని అక్షరాల్లో ఉంది, ఫొటోలో నా బొటనవేలు దాని మీదే పడింది. రాయడానికి మొహమాటపడకండి, ఆ కాగితం నాకు ఇచ్చినా సరే, నేనే ఆఫీసులో ఇస్తాను. డబ్బుల మాట మాత్రం పిల్లల ముందు వద్దండి, మొన్న ఒక పాప దాని గురించే ఆలోచిస్తూ రెండు పీరియడ్లు ఏమీ వినలేదు.

ఇంకొకటి, పండక్కి పుస్తకాలు ముందేసుకుని కూర్చోబెట్టక్కర్లేదు. ప్రభల తీర్థానికి వెళ్లనివ్వండి, అమ్మమ్మ గారింటికి వెళ్లనివ్వండి. రోజుకో గంట లెక్కలు చేయిస్తే చాలు, 24వ తేదీకి టెన్షన్ ఉండదు.

సర్క్యులర్ కింది స్లిప్పు మీద సంతకం చేసి 5వ తేదీ సోమవారం పంపండి. నాన్నగారు కువైట్‌లోనో మరోచోటో ఉంటే ఆయన కోసం ఆగక్కర్లేదు, అమ్మగారు గానీ తాతగారు గానీ చేస్తే సరిపోతుంది. ఏదైనా అడగాలంటే సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య ఫోన్ చేయండి. గ్రూపులో రాస్తే గుడ్ మార్నింగ్‌ల మధ్య నాకు కనపడదు.

8-బి క్లాస్ టీచర్
జనవరి 3, శనివారం