కమ్మీ రేఖాచిత్రం మూల్యాంకనం: 8వ తరగతి, రోల్ నంబర్ 17

ఇచ్చిన దత్తాంశం (2011 జనాభా లెక్కలు, అక్షరాస్యత శాతం, దగ్గరి పూర్ణాంకానికి సవరించినది): కేరళ 94, మహారాష్ట్ర 82, తమిళనాడు 80, కర్ణాటక 75, ఆంధ్రప్రదేశ్ 67.

వచ్చిన మార్కులు: 10కి 6

స్కేలు (3కి 1½): నీ Y-అక్షం 60 దగ్గర మొదలైంది. పేపర్‌లో చోటు మిగులుతుందని అలా చేసి ఉంటావు. కానీ ఒకసారి గ్రాఫ్‌ను దూరంగా పట్టుకుని చూడమ్మా. కేరళ కమ్మీ 6.4 సెం.మీ., ఆంధ్రప్రదేశ్ కమ్మీ 1.2 సెం.మీ. చూసినవాళ్లు కేరళలో అక్షరాస్యత మనకంటే ఐదు రెట్లు అనుకోరూ? 94ని 67తో భాగించు, ఒకటిన్నర రెట్లు కూడా రాదు. కమ్మీ చిత్రంలో కన్ను చూసేది ఎత్తునే, అందుకే సున్నా నుంచి మొదలుపెట్టాలి. 1 సెం.మీ. = 10 శాతం తీసుకుంటే కేరళ 9.4 సెం.మీ. వస్తుంది, పేపర్‌లో హాయిగా పడుతుంది.

స్కేలు పక్కన "1 సెం.మీ. = 5" అని వదిలేశావు. ఐదు ఏమిటి? లక్షలా, శాతమా?

అక్షాల పేర్లు (2కి 1): X-అక్షం కింద "రాష్ట్రాలు" అని రాశావు, బాగుంది. Y-అక్షానికి అంకెలే ఉన్నాయి, పేరు లేదు. "అక్షరాస్యత శాతం" అని రాయాలి. ఇంకో మాట, దీనికి మార్కు తగ్గించలేదు: 2011 నాటికి తెలంగాణ ఏర్పడలేదు కాబట్టి "ఉమ్మడి ఆంధ్రప్రదేశ్" అని రాస్తే ఇంకా సరిగ్గా ఉంటుంది.

కమ్మీల ఎత్తు (5కి 3½): తమిళనాడు, కర్ణాటక సరిగ్గా వచ్చాయి. మిగతా మూడూ పొట్టిగా ఉన్నాయి. స్కేలు పెట్టి కొలిచాక అర్థమైంది, మూడింట్లోనూ ఒకటే పొరపాటు. నీ స్కేలులో ఒక చిన్న గడి అర శాతమే. నువ్వు ఒక శాతం అనుకుని లెక్కపెట్టావు. 90 గీత దాటాక 4 గడులు ఎక్కి ఆగావు, అది 92. 94 కావాలంటే 8 గడులు ఎక్కాలి. అలాగే మహారాష్ట్ర 81 దగ్గర, ఆంధ్రప్రదేశ్ 66 దగ్గర ఆగిపోయాయి. 80, 75 లావు గీతల మీదే పడ్డాయి కాబట్టి వాటిలో తప్పు బయటపడలేదు. పొరపాటు ఒక్కటే కాబట్టి మూడింటికీ అర మార్కు చొప్పున ఇచ్చాను.

కమ్మీల వెడల్పు సమానంగా ఉంది. మూడో, నాలుగో కమ్మీల మధ్య ఖాళీ మాత్రం తగ్గింది, సరిచెయ్యి. పెన్సిల్ బాగా చెక్కుకో, పైగీత లావుకే అర గడి పోతోంది.

పక్క పేజీలో 1 సెం.మీ. = 10 శాతం స్కేలుతో మళ్లీ గీసి సోమవారం చూపించు. ముందు ఐదు ఎత్తులూ సెం.మీ.లలో లెక్కకట్టి పక్కన రాసుకో, ఆ తర్వాతే గీత పెట్టు.