మీరిచ్చిన 60 లక్షల లెక్క: ఏప్రిల్ నుంచి డిసెంబర్ 2025 వరకు

12 జనవరి 2026

రామ్మోహన్ గారికి నమస్కారం.

గత ఏప్రిల్‌లో మీరు మన కంపెనీలో పెట్టిన 60 లక్షల రూపాయల్లో డిసెంబర్ 31 నాటికి 49 లక్షలు ఖర్చయ్యాయి, 11 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. ఆ 49 లక్షలు దేనికి పోయాయో, అనుకున్న ప్లాన్‌కి ఎక్కడ తేడా వచ్చిందో, మిగిలిన దాంతో ఏం చేయబోతున్నానో ఈ ఉత్తరంలో చెబుతున్నాను. బ్యాంకు స్టేట్‌మెంట్, పద్దుల వారీ లెడ్జర్, పెద్ద బిల్లుల కాపీలు దీనితో జతచేశాను.

ముందుగా లెక్క ఎలా రాశానో చెబుతాను. మీ డబ్బుని మొదటి నుంచీ విడి ఖాతాలోనే ఉంచాం. షేర్ల కేటాయింపు రిటర్న్ దాఖలయ్యాకే అందులోంచి మొదటి చెల్లింపు చేశాం. అమ్మకాల మీద వచ్చే డబ్బు ఇంకో ఖాతాలోకి వెళ్తుంది, రెండింటినీ ఎక్కడా కలపలేదు. కింది అంకెలన్నీ మేం కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీతో కలిపినవే. కాబట్టి మీరు బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టి చూసుకున్నా మొత్తం సరిపోతుంది.

| పద్దు | ఏడాదికి అనుకున్నది (లక్షల్లో) | 9 నెలల్లో ఖర్చు (లక్షల్లో) |
|---|---|---|
| పరికరం డిజైన్, పరీక్షలు | 10.00 | 9.60 |
| మోల్డ్, మొదటి బ్యాచ్ తయారీ | 14.00 | 15.20 |
| జీతాలు | 20.00 | 14.40 |
| ఇన్‌స్టలేషన్, ఫీల్డ్ సర్వీస్ | 3.00 | 5.60 |
| మార్కెటింగ్ | 8.00 | 1.90 |
| అద్దె, ఆడిట్, ఫైలింగులు | 3.00 | 2.30 |
| అత్యవసర నిధి | 2.00 | 0.00 |
| మొత్తం | 60.00 | 49.00 |

ఇందులో మీ దృష్టి వెంటనే ఆగేవి రెండు పద్దులు: ఫీల్డ్ సర్వీస్, మార్కెటింగ్. మార్కెటింగ్ డబ్బుని ఫీల్డ్‌కి మళ్లించాలన్నది నేను తీసుకున్న నిర్ణయం. ఏ పద్దులోనైనా 20 శాతానికి మించి తేడా వస్తే రాతపూర్వకంగా తెలియజేయాలని మన ఒప్పందంలో ఉంది కదా, ఫీల్డ్ ఖర్చు ఆ గీత దాటబోతోందని సెప్టెంబర్‌లోనే మీకు మెయిల్ పెట్టాను. అప్పుడు క్లుప్తంగా రాసిన కారణం ఇప్పుడు పూర్తిగా చెబుతాను.

మన పరికరం చేసే పని మీకు తెలిసిందే. టీకాలు, ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో చూస్తూ, దాటితే ఫోన్‌కి అలర్ట్ పంపుతుంది. ఇన్‌స్టలేషన్ అంటే గోడకి బిగించి సిమ్ వేసి వచ్చేయడమేనని ప్లాన్ వేసినప్పుడు లెక్కేసుకున్నాం. చిన్న ఆస్పత్రులకి, మందుల షాపులకి వెళ్లడం మొదలుపెట్టాక అసలు పని అక్కడే ఉందని అర్థమైంది. ప్రోబ్‌ని ఫ్రిజ్ తలుపు అరలో పెడితే తలుపు తీసిన ప్రతిసారీ అలర్ట్ మోగుతుంది. ఫ్రీజర్ పెట్టెకి దగ్గరగా పెడితే మిగతా అరలు వేడెక్కినా తెలియదు. అందుకే మన టెక్నీషియన్ ప్రోబ్‌ని గ్లైకాల్ నింపిన చిన్న సీసాలో ముంచి, మధ్య అరలో మందుల పక్కనే పెడతాడు. అప్పుడది గాలి వేడిని కాకుండా సీసాల్లోని మందు వేడికి దగ్గరగా ఉండే అంకెను చూపిస్తుంది. తర్వాత కనీసం గంటసేపు అక్కడే ఉండి, తలుపు తీసి మూసి, కరెంట్ తీసేసి, అలర్ట్ మూడు నంబర్లకీ వెళ్తోందో లేదో చూస్తాడు. రాత్రి డ్యూటీలో ఉండే నర్సుతో కూడా కూర్చుని, అలర్ట్ వస్తే మందులు ఎక్కడికి మార్చాలో మాట్లాడి వస్తాడు.

ఇదంతా చేయకపోతే ఏమవుతుందో మొదటి నెలల్లోనే చూశాం. అనవసరపు అలర్ట్‌లతో విసిగిపోయి కొన్నిచోట్ల సౌండ్ తీసేశారు. సౌండ్ తీసేసిన పరికరం గోడ మీద ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆగస్టు నుంచి ఇద్దరు టెక్నీషియన్లని పెట్టుకుని, ప్రతి ఇన్‌స్టలేషన్‌నీ పైన చెప్పిన పద్ధతిలోనే చేస్తున్నాం, ముందు పెట్టినవాటికి కూడా మళ్లీ వెళ్లి సరిచేశాం. 5.60 లక్షల్లో వాళ్ల జీతాలు 2.20, ప్రయాణాలు 1.70, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ప్రోబ్‌ల క్యాలిబ్రేషన్ 1.70. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ లేకపోతే ఆస్పత్రి తనిఖీల్లో మన రీడింగ్‌కి విలువుండదు, కాబట్టి అందులో పొదుపు చేసే ఆలోచన నాకు లేదు.

దీని ఫలితం అమ్మకాల్లో కనిపించింది. డిసెంబర్ చివరికి అమ్ముడుపోయిన 230 పరికరాల్లో 148 పాత కస్టమర్లు ఇంకొకరికి చెప్పడం వల్ల వచ్చినవే. ఒక ప్రసూతి ఆస్పత్రిలో నవంబర్‌లో అర్ధరాత్రి ఫ్రిజ్ కంప్రెసర్ ఆగిపోయింది. ఉష్ణోగ్రత 8 దాటగానే అలర్ట్ వెళ్లి, డ్యూటీ నర్సు టీకాలన్నీ ఐస్ ప్యాక్‌లున్న క్యారియర్‌లోకి మార్చేసింది. ఆ డాక్టరమ్మ తనంతట తానే మరో నాలుగు ఆస్పత్రులకి ఫోన్ చేసి మన గురించి చెప్పారు. మార్కెటింగ్ కింద పెట్టిన 1.90 లక్షల్లో 1.10 ఒక ఎగ్జిబిషన్ స్టాల్‌కి వెళ్లింది, దాని నుంచి వచ్చిన ఆర్డర్లు 21. మిగతా 80 వేలు వెబ్‌సైట్‌కి, కరపత్రాలకి. ఈ దశలో మన డబ్బు ప్రకటనల మీద కంటే టెక్నీషియన్ బస్సు టికెట్ల మీదే బాగా పనిచేస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మోల్డ్ పద్దులో 1.20 లక్షలు పెరగడానికి కారణం ఒక్కటే. ప్రోబ్ వైరు ఫ్రిజ్ తలుపు రబ్బరు మధ్య నుంచి లోపలికి వెళ్లాలి. గుండ్రటి వైరు వాడితే రబ్బరు సరిగ్గా అంటుకోక ఆ సందులోంచి చల్లదనం పోతుంది, చుట్టూ తేమ చేరుతుంది. అందుకని కాగితంలా పలచటి ఫ్లాట్ కేబుల్‌కి మారాం, దాని కోసం ప్లాస్టిక్ పెట్టె అడుగున వెడల్పాటి చీలిక కావాల్సి వచ్చింది. మోల్డ్ స్టీల్‌లో కోత మొదలుకాకముందే ఈ మార్పు చేయించాం, అందుకే పెరుగుదల 1.20తో ఆగింది. మోల్డ్‌కి మొత్తం 6 లక్షలు, 400 పరికరాల తయారీకి ఒక్కోదానికి 2,300 చొప్పున 9.20 లక్షలు. మోల్డ్ మన పేరు మీదే ఉంది, దాని ఒప్పంద పత్రం కాపీ జతచేశాను.

డిజైన్ పద్దులో మూడు విడతల సర్క్యూట్ బోర్డులకి 3.40, విడిభాగాలకి, పరీక్ష పరికరాల అద్దెకి 2.70, వైర్‌లెస్ పరీక్షల ఫీజులకి 2.10, యాప్‌కి, సర్వర్ ఏర్పాటుకి 1.40 అయ్యాయి. ఈ పని పూర్తయింది, ఇక ఇందులో పెద్ద ఖర్చు రాదు.

జీతాలు నెలకి 1.60 లక్షలు: ఇద్దరు ఇంజనీర్లకి 45 వేల చొప్పున, సపోర్ట్, అకౌంట్స్ చూసే అమ్మాయికి 30 వేలు, నాకు 40 వేలు. నా జీతం మొదట అనుకున్నదే, పెంచలేదు. అద్దె, ఆడిట్ లెక్కల్లో చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు, వివరాలు లెడ్జర్‌లో ఉన్నాయి.

ఇక అమ్మకాల ఖాతా సంగతి. 230 పరికరాలు, ఒక్కోటి పన్ను కాకుండా 6,500 చొప్పున 14.95 లక్షలు. అందులో 11.70 చేతికొచ్చాయి, 3.25 రావాలి. ఆ బకాయి 50 పరికరాలది. వాటిలో ఎక్కువ భాగం ఒకే ఆస్పత్రి గ్రూపు దగ్గర ఉంది, వాళ్లు బిల్లు పాసయ్యాక కానీ ఇవ్వరు. ఆలస్యం మామూలే అయినా, ఒకే చోట ఇంత బకాయి ఉండటం నాకు నచ్చలేదు. ఇకపై ఏ కస్టమర్‌కైనా 20 పరికరాలు దాటితే సగం అడ్వాన్స్ తీసుకుంటాం. వచ్చిన డబ్బులోంచి సిమ్ డేటా, సర్వర్, కొరియర్ కింద 3.10 పోగా ఆ ఖాతాలో 8.60 లక్షలున్నాయి. ఇంకా 170 పరికరాలు స్టాకులో ఉన్నాయి. వాటిలో 12 రిపేర్‌కి వచ్చినప్పుడు బదులుగా ఇవ్వడానికి పక్కన పెట్టాం.

వచ్చే మూడు నెలల ఖర్చు నెలకి 3 లక్షలుగా లెక్కేశాను. జీతాలు 1.75 (ఈ నెల నుంచి పార్ట్ టైంలో ఒక సేల్స్ మనిషి చేరారు), ఫీల్డ్ 0.70, మార్కెటింగ్ 0.30, అద్దె వగైరా 0.25. అంటే మార్చి చివరికి మీ డబ్బులో 58 లక్షలు ఖర్చయి, అత్యవసర నిధికి పెట్టుకున్న 2 లక్షలు ముట్టుకోకుండా అలాగే ఉంటాయి. రెండు ఖాతాలూ కలిపి మన దగ్గర ఇప్పుడు 19.60 లక్షలున్నాయి. ఒక్క కొత్త అమ్మకం జరగకపోయినా జూలై సగం దాకా నడుస్తాం. రెండో బ్యాచ్ 300 పరికరాలకి సుమారు 6.75 లక్షలు కావాలి. అది ఇప్పుడే చేయిస్తే ఈ గడువు మే రెండో వారానికి తగ్గిపోతుంది. అందుకే స్టాకు 60కి దిగాకే, అదీ అమ్మకాల ఖాతాలోంచే ఆర్డర్ ఇస్తాను. మీ నుంచి కొత్తగా డబ్బేమీ అడగడం లేదు.

మీ నుంచి కావాల్సింది ఒక్క అనుమతి. మార్కెటింగ్‌కి అనుకున్న 8 లక్షల్లో మార్చి నాటికి 2.80 మాత్రమే ఖర్చవుతుంది. అందులోంచి 4.70 లక్షలు ఫీల్డ్ సర్వీస్ పద్దుకి అధికారికంగా మార్చాలని కోరుతున్నాను. అప్పుడు ఫీల్డ్ పద్దు 7.70 అవుతుంది, మార్చి దాకా వేసిన లెక్కకి సరిగ్గా సరిపోతుంది. మీకు అభ్యంతరం లేకపోతే ఈ ఉత్తరానికి జవాబుగా ఒక్క లైన్ రాస్తే చాలు, దాన్ని బోర్డు మినిట్స్‌లో పెట్టిస్తాను. మీకు వేరే అభిప్రాయం ఉంటే మాత్రం ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడదాం. ఈ నెల 20 తర్వాత మీకు ఏ రోజు వీలైతే ఆ రోజు లెడ్జర్ పట్టుకుని నేనే వస్తాను.

ఫ్లాట్ కేబుల్‌తో చేసిన కొత్త పరికరం ఒకటి మీకు పంపుతున్నాను. మీ ఇంట్లో ఫ్రిజ్‌కే పెట్టి నాలుగు రోజులు చూడండి. అలర్ట్‌ల తీరు గురించి మీరేం చెప్పినా మా ఇంజనీర్లకి పనికొస్తుంది.

మీ
సుజాత
వ్యవస్థాపకురాలు

జతచేసినవి: బ్యాంకు స్టేట్‌మెంట్ (ఏప్రిల్–డిసెంబర్ 2025), పద్దుల లెడ్జర్, లక్ష దాటిన బిల్లుల కాపీలు, మోల్డ్ ఒప్పంద పత్రం, స్టాకు జాబితా, రావాల్సిన బకాయిల జాబితా