ఆపరేషన్ థియేటర్‌లో మాప్‌ల లెక్క తేడాపై నివేదిక

క్వాలిటీ కమిటీకి,

మంగళవారం రెండో థియేటర్‌లో జరిగిన గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సకు ముందు 15, మధ్యలో మరో 5 మాప్‌లు లెక్కించి బోర్డుపై రాశారు. ఉదయం 11.40కి, పెరిటోనియం మూసే ముందు, స్క్రబ్ నర్సు, సర్క్యులేటింగ్ నర్సు కలిసి రెండుసార్లు లెక్కించినా 19 మాత్రమే వచ్చాయి. చెప్పిన వెంటనే సర్జన్ కుట్లు ఆపి పొత్తికడుపంతా చేత్తో వెతికారు. బకెట్లు, నేల, డ్రేప్‌ల మడతలు చూశాక, స్పెసిమెన్ ట్రేలో గర్భసంచి వెనుక భాగానికి రక్తంతో అతుక్కుపోయి 20వ మాప్ 11.52కి దొరికింది. లెక్క సరిపోయినా, సి-ఆర్మ్‌తో ఎక్స్‌రే తీసి, కడుపులో ఏమీ లేదని నిర్ధారించుకున్నాకే మూసివేశారు. రోగికి హాని కనబడలేదు. అయితే మత్తులో ఉన్న సమయం సుమారు 25 నిమిషాలు పెరిగింది, ఆ సంగతి ఆమెకు సర్జన్ స్వయంగా తెలిపారు. ట్రేను లెక్కకు ముందే పక్కకు తీయడం వల్లే ఇలా జరిగిందని నా అభిప్రాయం.

థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్